గడువు చెప్పేముందు మూడు అంకెలు రాసుకోండి

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు సాఫ్ట్‌వేర్‌కు, కాటా తూకాన్ని నేరుగా కంప్యూటర్‌లోకి తెచ్చే పనికి 6 రోజులని ఒకే అంకె చెప్పి గడువు దాటించాను. అన్నీ కలిసివస్తే 4, మామూలుగా 6, కాటా యంత్రం పంపే సమాచారం అర్థంకాక దాని మెకానిక్ కోసం ఆగవలసి వస్తే 20 అని ముందే రాసుకొని ఉంటే, మామూలు అంకెను నాలుగు రెట్లు చేసి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగించగా 8 వచ్చేది.

```
(4 + 4×6 + 20) / 6 = 8
```

కలిసివస్తే మిగిలేది 2 రోజులే, చెడితే పెరిగేది 14. అందుకే ఒక్కో పనికి మామూలు అంకెలనే తీసుకొని కూడుతూ పోతే మొత్తం గడువు తక్కువగా తేలుతుంది. ఈ 8 కూడా సగటే కాబట్టి దానిని హామీగా చెప్పకండి. పెద్ద అంకె పక్కన దాని కారణాన్ని తప్పక రాయండి; నేను అలా రాసి ఉంటే, మొదటి రోజే కాటా కేబుల్ తగిలించి చూసేవాణ్ణి.