పాలిచ్చే తల్లికి తలనొప్పి వస్తే మాత్ర ఎలా ఎంచుకోవాలి?

నేను మెడికల్ షాపులో ఫార్మసిస్టుని. భర్తో తమ్ముడో వచ్చి “తలనొప్పికి ఏదైనా మంచి బిళ్ళ ఇవ్వండి” అని అడుగుతారు. ఆ బిళ్ళ వేసుకునేది చంటిబిడ్డకు పాలిస్తున్న తల్లి అని మాత్రం మేము అడిగితే తప్ప చెప్పరు. ఇంకొందరు తల్లులు ఏ మాత్ర వేసుకున్నా బిడ్డకు ప్రమాదమని భయపడి రెండు రోజులు నొప్పి భరిస్తారు, లేదంటే మాత్ర వేసుకుని ఆ పూట పాలు పిండి పారబోస్తారు. ఈ రెండు తప్పులూ జరగకుండా ఏం చేయాలో వరుసగా రాస్తున్నాను.

1. ముందు ఇది మామూలు తలనొప్పేనా చూసుకోండి

కాన్పు అయి ఆరు వారాలు దాటలేదా? అయితే మాత్ర కంటే ముందు బీపీ చూపించుకోండి. కాన్పుకు ముందు బీపీ మామూలుగా ఉన్నవాళ్లకు కూడా ఆ తర్వాత పెరగవచ్చు. 140/90 గానీ అంతకు మించి గానీ ఉన్నా, చూపు మసకబారినా, పొట్ట పైభాగంలో నొప్పి ఉన్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. సిజేరియన్‌కు వెన్నులో మత్తు ఇచ్చాక లేచి కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గే నొప్పి వస్తే మత్తు డాక్టరుకు చెప్పండి. ఒక్కసారిగా భరించలేనంతగా వచ్చినా, ఫిట్స్ వచ్చినా, కాలో చెయ్యో పట్టు తప్పినా మెదడులో రక్తం గడ్డకట్టిందేమో చూడాల్సి ఉంటుంది. బాలింతకు నీళ్లు తక్కువ ఇవ్వాలనే పథ్యం మన ఇళ్లలో ఇంకా ఉంది, ఒంట్లో నీరు తగ్గితే ఆ గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. దయచేసి నీళ్లు ఆపకండి.

2. నీళ్లు, తిండి, ఒక కాఫీ

ఇవి అయ్యాకే మాత్ర. బామ్ రాసుకుంటే నుదుటికి మాత్రమే రాసి చేతులు కడుక్కోండి, ఛాతీ మీద వద్దు. అందులో ఉండే కర్పూరం, మెంథాల్ పసిపిల్లల ముక్కు దగ్గరికి పోకూడదు.

3. మొదటి మాత్ర: ఉత్త పారాసిటమాల్

500 లేదా 650 మిల్లీగ్రాములది ఒకటి వేసుకోండి. మళ్లీ కావాలంటే ఆరు గంటలు ఆగాలి, రోజుకు నాలుగు దాటకూడదు. కాలేయం జబ్బు ఉన్నవాళ్లు, బాగా సన్నగా ఉన్నవాళ్లు డాక్టరును అడిగే వేసుకోవాలి. పాలలోకి వెళ్లేది చాలా తక్కువ, బిడ్డకు జ్వరం వస్తే మనం నేరుగా పోసే మోతాదు కన్నా ఎంతో తక్కువ. దానికి తగ్గకపోతే ఐబుప్రోఫెన్ 400, అన్నం తిన్నాక. అది పాలలోకి తల్లి మోతాదులో ఒక శాతం కూడా పోదు. కడుపులో పుండు, కిడ్నీ సమస్య, నొప్పి మాత్రలకు ఆయాసం వచ్చే ఉబ్బసం ఉన్నవాళ్లు ఐబుప్రోఫెన్ వాడొద్దు. వానాకాలంలో తలనొప్పితో పాటు జ్వరం ఉంటే డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాల్ ఒక్కటే.

నా నియమం ఒకటి: పాలు పట్టిన వెంటనే మాత్ర వేసుకోండి, మళ్లీ పట్టేలోపు కాస్త సమయం దొరుకుతుంది. ఈ రెండు మందులకూ అది తప్పనిసరి కాదు, బిడ్డ ఏడిస్తే గడియారం చూడకుండా పట్టొచ్చు. పిండి పారబోయడం మాత్రం శుద్ధ దండగ. రక్తంలో మందు తగ్గేకొద్దీ పాలలోనూ దానంతటదే తగ్గుతుంది, పిండినంత మాత్రాన త్వరగా పోదు.

4. స్ట్రిప్ వెనక చదవడం: అందరూ తప్పు చేసేది ఇక్కడే

మాత్ర పేరు చూసి కొనకండి. స్ట్రిప్ తిప్పి, ప్రతి మాత్రలో ఏముందో చెప్పే చిన్న అక్షరాల వరుస చదవండి. కళ్లు ఆనకపోతే ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసుకోండి. ఆ వరుసలో ఒకే మందు పేరు ఉండాలి. రెండు, మూడు పేర్లు కనిపిస్తే ప్రతిదాని గురించీ అడిగి తెలుసుకోవాలి, అప్పటిదాకా వేసుకోవద్దు.

ఒకే పేరు ఉన్నా ఆ మందేమిటో చూడాలి. ఉదాహరణకు డిస్ప్రిన్. నీళ్లలో వేస్తే కరుగుతుంది కాబట్టి తేలికైన మందని జనం అనుకుంటారు. అందులో ఉన్నది ఆస్పిరిన్. వైరల్ జ్వరం వచ్చిన పిల్లలకు ఆస్పిరిన్ అందితే రేస్ సిండ్రోమ్ అనే అరుదైన, ప్రాణాంతకమైన జబ్బుకు దారితీయవచ్చు, అందుకే నొప్పికి వాడే మోతాదులో పాలిచ్చే తల్లికి అది వద్దు. గుండె కోసమో రక్తం పలచబడడానికో డాక్టరు రాసిన చిన్న మోతాదు సంగతి వేరు, దాన్ని మీకు మీరే ఆపకండి. సారిడాన్‌లో పారాసిటమాల్, కెఫీన్‌లతో పాటు ప్రొపిఫెనజోన్ ఉంటుంది. పారాసిటమాల్ ఒక్కటీ చేతిలో ఉండగా దీని జోలికి పోవడం దేనికి?

ఇంకా జాగ్రత్తగా చూడాల్సింది మైగ్రేన్ మాత్రలు. ఇంట్లో ఎవరికో రాసిన వాసోగ్రెయిన్ స్ట్రిప్ అల్మారాలో ఉంటుంది, “నాకు దీనికే తగ్గింది, నువ్వూ వేసుకోమ్మా” అని అత్తగారు ప్రేమగా ఇస్తారు. అందులో ఎర్గోటమైన్ ఉంది. అది పాలలోకి వెళ్తే బిడ్డకు వాంతులు, విరేచనాలు కావచ్చు, పైగా పాలు పడడానికి కావాల్సిన హార్మోన్‌ని తగ్గించవచ్చు. దాన్ని పక్కన పెట్టాల్సిందే.

కొడీన్, ట్రమడాల్ కూడా వద్దు. అల్ట్రాసెట్‌లో పారాసిటమాల్ పక్కన ట్రమడాల్ ఉంటుంది. కొందరి శరీరం ఈ మందుల్ని మామూలు కన్నా వేగంగా బలమైన రూపంలోకి మారుస్తుంది. ఆ తల్లి పాలు తాగిన బిడ్డ మత్తుగా పడి ఉండవచ్చు, ఊపిరి మందగించవచ్చు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2017లో పాలిచ్చే తల్లులకు ఈ రెండూ వద్దని హెచ్చరించింది. ఇప్పటికే వేసుకుని ఉంటే, బిడ్డ లేపినా లేవకపోయినా, రొమ్ము పట్టకపోయినా, ఊపిరి తేడాగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

జలుబు, తలనొప్పి రెండింటికీ కలిపి అమ్మే మాత్రలదీ ఇదే గొడవ. వాటిలో సూడోఎఫెడ్రిన్ ఉంటే పాలు తగ్గవచ్చు. పారాసిటమాల్ కూడా ఉంటుంది కాబట్టి విడిగా ఇంకోటి వేసుకుంటే మోతాదు రెట్టింపవుతుంది.

5. మైగ్రేన్ అయితే

నాలుగు నెలల పాప ఉన్న తల్లి అనుకోండి. పెళ్లికి ముందు నుంచీ ఒకవైపు తలపోటు, వాంతి వచ్చే ముందటి వికారం. ఉదయం తొమ్మిదికి నొప్పి మొదలైంది. పాపకు పాలు పట్టి, టిఫిన్ తిని, పారాసిటమాల్ 650 వేసుకుంది. పదకొండున్నరకీ తగ్గలేదు, ఐబుప్రోఫెన్ 400 వేసుకుంది. మధ్యాహ్నం రెండింటికి కూడా పోటు అలాగే ఉంటే ఇక మాత్రలు పెంచుకుంటూ పోకూడదు, డాక్టరుతో మాట్లాడాలి. సుమాట్రిప్టాన్ పాలిచ్చేవాళ్లకు పనికొచ్చే మందు. దాని కాగితంలో పన్నెండు గంటలు పాలు ఆపమని ఉండవచ్చు, కానీ పాలలోకి వెళ్లేది తక్కువ, బిడ్డ కడుపులోంచి ఒంటికి పట్టేది ఇంకా తక్కువ కాబట్టి మామూలుగా ఆపనవసరం లేదు. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లకు అది ఇవ్వరు.

నెలలో పది రోజులకు మించి ఏ నొప్పి మాత్రైనా అవసరమవుతుంటే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చే స్థితి రావచ్చు. అప్పుడు రాకుండా ఆపే మందు అడగండి. ప్రొప్రనలాల్ సాధారణంగా ఫర్వాలేదు. మన దగ్గర ఎక్కువగా రాసే ఫ్లునరిజిన్ మాత్రం ఒంట్లో చాలా రోజులు నిలిచిపోతుంది, అది రాస్తే పాలిస్తున్నానని చెప్పి వేరేది అడగండి. బిడ్డ వయసు నెల లోపైనా, నెలలు నిండకుండా పుట్టినా ఆ మాట షాపులోనూ డాక్టరు దగ్గరా మొదటే చెప్పాలి, ఎందుకంటే అలాంటి పిల్లల కాలేయం, కిడ్నీలు మందుని త్వరగా బయటికి పంపలేవు.