పబ్లిషర్‌కు పిచ్ మెయిల్ పంపే ముందు: కథా పజిల్ గేమ్ చేసేవాళ్లకు జాగ్రత్తలు

ప్రోటోటైప్ పూర్తయ్యాక పిచ్ దెబ్బతినేది ఎక్కువగా రెండు చోట్ల: బిల్డ్ తెరుచుకోకపోవడం, తెరుచుకున్నా ఆడేవాళ్లు మూడో పజిల్ దగ్గర ఇరుక్కుపోవడం. చిన్న పబ్లిషర్ దగ్గర మెయిల్ చదివేదీ గేమ్ ఆడేదీ చాలాసార్లు ఒకే మనిషి. అడ్డం పడితే మీకు రాసి అడిగే ఓపిక ఆ మనిషికి ఉండదు, తర్వాతి మెయిల్‌కి వెళ్లిపోతారు.

ఫైలును మెయిల్‌కు తగిలించకండి. `.exe` జిప్‌లో ఉన్నా జీమెయిల్ ఆపేస్తుంది. `itch.io`లో పేజీని `Restricted`గా పెట్టి, లింకూ పాస్‌వర్డూ మెయిల్‌లోనే ఇవ్వండి. గూగుల్ డ్రైవ్ వాడితే `Anyone with the link` పెట్టారో లేదో చూసుకోండి. మీ లాగిన్‌తో పరీక్షిస్తే అన్నీ తెరుచుకుంటాయి, అదే మోసం. ప్రైవేట్ విండోలో దించి, గేమ్ ఇంజిన్ లేని వేరే కంప్యూటర్‌లో నడపండి. సంతకం లేని బిల్డ్‌కు విండోస్ నీలి హెచ్చరిక చూపిస్తుంది. `More info`, ఆ తర్వాత `Run anyway` నొక్కాలని ఒక వాక్యం రాయండి.

ఇక ఇరుక్కోవడం. మీకు రెండు నిమిషాల పజిల్ కొత్తవారికి ఇరవై నిమిషాలు పట్టొచ్చు. యాక్షన్ గేమ్‌లో ఓడినా ఆట తీరు అర్థమవుతుంది, ఇక్కడ మాత్రం పజిల్ దాటకపోతే కథే కనిపించదు. పజిల్‌ను దాటించే ఒక కీ (`F8` అనుకుందాం), అధ్యాయం ఎంచుకునే మెనూ పెట్టి, ఆ రెండూ మెయిల్‌లో చెప్పండి. ముగింపును దాచకండి. పబ్లిషర్ కొనేది ఆటగాడిగా కాదు కదా.

ఉదాహరణకు, మూతపడిన పోస్టాఫీసులో చేరని ఉత్తరాలను సర్దే గేమ్ అనుకుందాం. సబ్జెక్ట్‌లో పేరు, కథా పజిల్, పీసీ, 40 నిమిషాల బిల్డ్ అన్నవి చాలు. మెయిల్ మొదటి వాక్యంలో ఆటగాడు చేసే పని రావాలి: "ముద్రలు, చేతిరాత చూసి ఉత్తరాలను వరుసలో పెడితే ఆ ఊరి కథ బయటపడుతుంది." ఊరి చరిత్రతో మొదలుపెడితే అది నవల పిచ్ అవుతుంది.

అడిగే మొత్తానికి లెక్క చూపండి. ఇద్దరికి నెలకు 60,000 చొప్పున పది నెలలకు 12 లక్షలు, సౌండ్‌కు లక్షన్నర, టెస్టింగ్‌కు లక్ష. దానిపై పది శాతం అదనం కలిపితే సుమారు 16 లక్షలు. అనువాదాన్ని పబ్లిషర్ భరించాలంటే ఆ మాట విడిగా రాసి, పూర్తి గేమ్‌లో ఎన్ని పదాలుంటాయో చెప్పండి. అనువాదానికి సాధారణంగా పదానికింత, భాషకింత అని కడతారు. పాతికవేల పదాలు నాలుగు భాషలకు లక్ష పదాల బిల్లు. ఆ అంకె లేకపోతే వాళ్లు తమ బడ్జెట్ వేసుకోలేరు.

రెండు వారాలు జవాబు రాకపోతే అదే మెయిల్ కింద ఒక్కసారి గుర్తుచేయండి. ఈలోపు బిల్డ్ మారిస్తే పాత సేవ్ ఫైళ్లతో కూడా నడిపి చూడండి, సగం ఆడి వదిలినవారు అక్కడి నుంచే తెరుస్తారు.