ప్లాన్ పెంచినా గేమ్ ఆగుతోందా? లేటెన్సీని ఇలా పట్టుకోండి

కాజీపేట నుంచి సికింద్రాబాద్ పోయే రైలుకు ఇంకో నాలుగు బోగీలు తగిలిస్తే జనం ఎక్కువ పడతారు, రైలు మాత్రం ముందుగా చేరదు. ఇంటర్నెట్ ప్లాన్‌లో రాసిన ఎంబీపీఎస్ బోగీల లెక్క, అదే బ్యాండ్‌విడ్త్. మనం పంపింది పోయి జవాబు తిరిగి వచ్చేదాకా పట్టే సమయం లేటెన్సీ. గేమ్ ఆడేవాళ్లు పింగ్ అనేది దీన్నే. ఆడేటప్పుడు గేమ్‌కు 1 ఎంబీపీఎస్ కూడా పట్టదు, వీడియో కాల్‌కు రెండు మూడు చాలు.

"మామా, ప్లాన్ 50 నుంచి 150 చేసినం, అయినా రాత్రి గేమ్ల గట్లనే ఆగుతుంది" అని హన్మకొండ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. స్పీడ్ టెస్ట్ చూసి ప్లాన్ మార్చడం అందరూ చేసే తప్పే.

ముందు ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో రూటర్‌కు కలపండి. వైఫై మీద కొలిచింది నేను లెక్కలోకి తీసుకోను. విండోస్‌లో Command Prompt తెరిచి `ipconfig` కొట్టి Default Gateway నంబర్ చూసుకోండి, అది మీ రూటర్ అడ్రస్. తర్వాత రెండు విండోల్లో ఒక్కోటి నడపండి, మొదటిది రూటర్ దాకా, రెండోది బయట ఉన్న గూగుల్ సర్వర్ దాకా పట్టే సమయం చూపిస్తుంది (మొదటిదాంట్లో మీ గేట్‌వే నంబర్ పెట్టాలి):

```
ping -t 192.168.1.1
ping -t 8.8.8.8
```

వాడింట్లో మొదటిది 1, రెండోది 14 మిల్లీసెకన్లు చూపించింది. చాలామంది ఇక్కడే "లైన్ బాగుంది" అని మూసేస్తారు. అలా మూయకండి. ఇల్లు నిమ్మళంగా ఉన్నప్పుడు కొలిచిన పింగ్ సగం నిజమే చెబుతుంది.

అసలు పని ఇప్పుడుంది. రెండు విండోలూ నడుస్తుండగానే, రూటర్ పక్కన నిలబడి ఫోన్ నుంచి ఒక పెద్ద వీడియో అప్‌లోడ్ పెట్టండి. డౌన్‌లోడ్ కాదు, అప్‌లోడే. ఫోన్ దూరంగా ఉంటే వైఫైయే నెమ్మదించి లైన్ నిండదు, రోగం బయటపడదు. ఒక్కసారి ఎగిరిన అంకె పట్టించుకోకుండా నిమిషం పాటు చూడండి. వాడికి గేట్‌వే 1 దగ్గరే ఉంది, రెండోది మాత్రం 400 దాటింది. అంటే ఇంట్లో కేబుల్ మంచిదే, బయటికి పోయే దారిలో క్యూ పేరుకుంటోంది.

ఎందుకంటే ప్లాన్ పెరిగినా అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ దగ్గరే ఉంది. రాత్రి మా అక్క ఫోన్ ఫొటోలన్నీ బ్యాకప్ చేస్తోంది. క్యూలో అర మెగాబైట్ నిలిస్తే అది 4 మెగాబిట్లు, 10 ఎంబీపీఎస్ మీద ఖాళీ కావడానికి 0.4 సెకను పడుతుంది. గేమ్ పంపే చిన్న ప్యాకెట్ ఆ ఫొటోల వెనకే నిలబడుతుంది. వీడియో కాల్‌లో ఒకరి మాట మీద ఇంకొకరు పడేదీ ఇందుకే.

రూటర్‌లో Bandwidth Control తెరిచి, మొత్తం లైన్‌కు కాదు, ఆ ఫోన్‌కు మాత్రమే అప్‌లోడ్ 8కి కట్టేశాం. మళ్లీ ఆ ఫోన్ నుంచే అదే పరీక్ష పెడితే 20 దగ్గర నిలిచింది. ఆ సదుపాయం లేని రూటరైతే బ్యాకప్‌ను ఆట లేని వేళకు మార్చండి.

లైన్ ఖాళీగా ఉన్నా గేమ్‌లో పింగ్ ఎక్కువే చూపిస్తే సర్వర్ దూరం చూడండి. ఫైబర్‌లో వెలుతురు మిల్లీసెకనుకు దాదాపు 200 కిలోమీటర్లే పోతుంది. 3,000 కిలోమీటర్ల అవతలి సర్వర్‌కు పోయి రావడానికే 30 అవుతుంది, ఏ ప్లాన్ కొన్నా అది తగ్గదు. గేమ్ సెట్టింగ్స్‌లో దగ్గరి సర్వర్ ఎంచుకోవాల్సిందే.