మేమా, మనమా? నోటీసు దిద్దిన అనుభవం

హనుమకొండలో మా కాలనీ సంఘం ఇంగ్లీషు నోటీసును తెలుగు చేస్తూ ‘వుయ్’ వచ్చిన ప్రతిచోటా ‘మనం’ అని రాశాను. “ఆదివారం మనం ట్యాంకు కడుగుతాం” అని చదివి, ఇద్దరు పెద్దవాళ్లు పొద్దున్నే చీపుర్లతో వచ్చారు. నాకు చాలా బాధేసింది. కడిగేది సంఘం మనుషులే.

అప్పుడు ప్రతి వాక్యం దగ్గరా ఒకటే చూసుకున్నాను: చదివేవారికి ఈ పనిలో భాగం ఉందా? ఉంటే మనం, మన, మనకు. లేకపోతే మేము, మా, మాకు. “మేము ట్యాంకు కడుగుతాం. ఆ రోజు మనమంతా నీళ్లు పొదుపుగా వాడుకుందాం” అని మార్చాను. సర్వనామం తీసేస్తే ‘కడుగుతాం’ ఎవరి పనో తెలియదు, ఎందుకంటే క్రియ రెండింటికీ ఒకటే. ‘వాడుకుందాం’ మాత్రం ఒంటరిగా ఉన్నా వినేవారిని కలుపుకుంటుంది.