పాపకు మొదటిసారి వేరుశనగ పెట్టే ముందు

అనంతపురం ఇళ్లలో వేరుశనగ పొడి పడని కూరలు తక్కువ. ఆరు నెలలు నిండిన బిడ్డకు ఎలాగూ తగులుతుంది కాబట్టి, మనమే చూసుకుని పెడదాం.

☐ రాగి జావ నాలుగైదు రోజులు సరిపడిందా? చెంచా వంచితే జావ నీళ్లలా కారకూడదు, మెల్లగా జారాలి.

☐ తీవ్రమైన ఎగ్జిమా ఉన్నా, గుడ్డు పడకపోయినా ముందు పిల్లల డాక్టరును అడగండి.

☐ బూజు పట్టిన, ముడతలు పడిన గింజలు ఏరి పారేయండి. వేయించినంత మాత్రాన బూజు విషం పోదు.

☐ మంచి గింజలు వేయించి, పొట్టు తీసి, మెత్తగా పొడి చేసి జల్లించండి. పావు చెంచా పొడిని రెండు మూడు చెంచాల జావలో కలపండి. పలుకు మిగిలితే గొంతుకు అడ్డం పడుతుంది. అవ్వ ముద్దు చేసినా సరే, ఐదేళ్ల వరకు గింజ చేతికివ్వకండి.

☐ జలుబు, జ్వరం లేని రోజు, ఉదయం పూట పెట్టండి. చెంచా కొనతో కొంచెం నాకించి పది నిమిషాలు ఆగండి. బాగుంటే మిగతాది పెట్టి, రెండు గంటలు కనిపెట్టుకుని ఉండండి. దద్దుర్లు లేస్తే ఆపి డాక్టరుకు చూపించండి. నాలుక వాచినా, వాంతులు ఆగకపోయినా, ఊపిరికి ఇబ్బంది పడినా, ఒళ్లు వాలిపోయినా 108కు ఫోను చేయండి.

☐ పడితే వారానికి రెండు మూడుసార్లు కొనసాగించండి. ఎనిమిదో నెలలో మెదిపిన పప్పన్నం, తొమ్మిది దాటాక మెత్తని చిన్న ముక్కలు, ఏడాదికి ఇంటి అన్నం. వేరుశనగ మాత్రం పొడిగానే.