లగ్గానికి ముందు హెయిర్ కలర్ ట్రయల్ కావాలని స్టైలిస్ట్‌కు మెసేజ్ ఎట్ల పెట్టాలె?

"అక్కా, ఫిబ్రవరిల నా లగ్గం ఉంది, బ్రౌన్ కలర్ వేపిచ్చుకోవాలె, ఎంతైతది?" మా చెల్లె హనుమకొండల తన స్టైలిస్ట్‌కు పెట్టిన మెసేజ్ ఇంతే. ట్రయల్ లేకుండ సీదా లగ్గం వారంల పోయి కూసుంది, లేచేసరికి నెత్తి దగ్గర రాగి బిందె లెక్క మెరుస్తుంది, కిందికి అంతా నలుపే. ఎందుకంటే రెండేండ్ల కింద వేసిన నల్ల డై కింది జుట్టుల అట్లనే ఉంది, వేసిన రంగును కొత్త రంగు తేల్చలేదు, కొత్తగ పెరిగిన కుదుళ్లే తేలినయి.

అందుకే మొదలు డేట్లు చూస్కోండ్రి. లగ్గం 20 ఫిబ్రవరి అనుకుంటే ట్రయల్ జనవరి మొదటి రెండు వారాలల్ల, ఫైనల్ టచప్ లగ్గానికి వారం పది రోజుల ముందు. మధ్యల గ్యాప్ ఉంటేనే రంగు ఎంత దిగుతదో, ఎట్ల మారుతదో తెలుస్తది.

తర్వాత జుట్టు చరిత్ర రాయాలె, అసలు పని ఇదే. జుట్టు నెలకు దగ్గర దగ్గర అర ఇంచు పెరుగుతది, అంటే నడుము దాకా జడ ఉన్నోళ్లు నాలుగైదేండ్ల సంగతి చెప్పాలె. గోరింటాకు పొడి పెట్టిన్రా? ప్యాకెట్ మెహందీ అయితే పేరు కూడ చెప్పండ్రి, కొన్నిట్ల లోహపు లవణాలు కలుపుతరు, దాని మీద బ్లీచ్ పడితే జుట్టు వేడెక్కి తెగిపోతది. నల్ల మెహందీతోని ఎప్పుడన్న దురద, బొబ్బలు వచ్చినా దాచొద్దు, అది డైల ఉండే మందుకు ఎలర్జీ కావచ్చు.

మెసేజ్ ఇట్ల పెట్టొచ్చు:

"నమస్తే అక్కా, నా లగ్గం ఫిబ్రవరి 20. జనవరి 10 లోపు కలర్ ట్రయల్‌కు టైం ఇస్తవా? జుట్టు నడుము దాకా ఉంది, రెండేండ్ల కింద నల్ల డై వేసిన, పోయిన దసరాకు ప్యాకెట్ మెహందీ పెట్టిన, ప్యాకెట్ ఫోటో పంపుతున్న. స్ట్రెయిటనింగ్ చేపియ్యలే. ట్రయల్‌కు రెండు రోజుల ముందు వచ్చి ఎలర్జీ ఉందో లేదో చూసే ప్యాచ్ టెస్ట్ చేపిచ్చుకుంట, లోపలి నుంచి ఒక పాయ తీసి రంగు వేసి చూడు, మంచిగ వస్తేనే మొత్తం వేద్దాం. లగ్గం నాడు సవరం పెట్టి పూలజడ, అందుకే ముందర, చెంపల దిక్కే రంగు కనవడుతది. ట్రయల్‌కు, టచప్‌కు వేరే వేరే ఎంత తీసుకుంటవో చెప్పు అక్కా."

దీంతోని మూడు ఫోటోలు పెట్టుండ్రి, ముందర, వెనుక, పాపిట. ఎండల కాదు, వాకిట్ల నీడకు నిలబడి తీయాలె, ఫిల్టర్ పెడితే ఇగ పంపుడు ఎందుకు!

ట్రయల్‌కు సవరం మర్వకుండ పట్కపోండ్రి. జుట్టు బ్రౌన్ అయి సవరం నల్లగనే ఉంటే జడ అల్లినంక అతికిచ్చినట్టు కనవడుతది, అప్పుడు సవరానికన్న రంగు మార్చాలె, మీ జుట్టు రంగన్న తగ్గియ్యాలె. రంగు వేసిన మూడు రోజులకు నూనె పెట్టి తలస్నానం చేసి, రెండోసారి చేసినంక కూడ ఫోటో తీసి అక్కకు పంపుండ్రి, ఎందుకంటే టచప్ అయినంక మైలపోలు నాడు ఇంట్లోళ్లు నూనె పెట్టి తల పోసుడు ఎట్లా ఆగదు.