గేజ్ ఆర్ అండ్ ఆర్ 45 శాతం వచ్చిందా? గేజ్ మార్చే ముందు చూడాల్సినవి

షీట్ చివరి గడిలో జీఆర్ఆర్ 45 శాతం అని కనబడగానే చాలా షాపుల్లో మొదట చేసే పని మైక్రోమీటర్‌ని కాలిబ్రేషన్‌కి పంపడం. అది సర్టిఫికెట్‌తో తిరిగొస్తుంది, స్టడీ మళ్లీ చేస్తే మళ్లీ అదే 45. ఎందుకంటే కాలిబ్రేషన్ చూసేది గేజ్ చూపే కొలత అసలు కొలతకి ఎంత దగ్గరగా ఉందని. ఆర్ అండ్ ఆర్ చూసేది వేరు: అదే జాబ్‌ని అదే మనిషి మళ్లీ కొలిస్తే, లేదా ఇంకో మనిషి కొలిస్తే, రీడింగులు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా అని. ప్రతిసారీ, ఎవరు కొలిచినా 5 మైక్రాన్లు ఎక్కువ చూపే గేజ్ కూడా ఈ స్టడీలో హాయిగా పాసవుతుంది.

కాబట్టి 45 అనే అంకె ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. దాని వెనక మూడు అంకెలు ఉంటాయి, వాటిలో ఏది తేడాగా ఉందో చూస్తే కారణం ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. ఒక కేసు తీసుకుని చూద్దాం.

కేసు

టర్నింగ్ చేసిన స్టీల్ షాఫ్ట్. బయటి వ్యాసం 20.000 మి.మీ., టాలరెన్స్ ప్లస్ ఆర్ మైనస్ 0.050, అంటే మొత్తం 100 మైక్రాన్లు. గేజ్ 0.001 లీస్ట్ కౌంట్ ఉన్న డిజిటల్ మైక్రోమీటర్. 10 జాబ్‌లు, ముగ్గురు అప్రైజర్లు (ఏ, బి, సి అనుకుందాం), ఒక్కొక్కరు ఒక్కో జాబ్‌ని 3 సార్లు కొలిచారు. మొత్తం 90 రీడింగులు.

వాటిలోంచి మనకి కావలసినవి మూడే. ఒకే మనిషి ఒకే జాబ్‌ని మూడుసార్లు కొలిచినప్పుడు వచ్చిన గరిష్ఠం, కనిష్ఠం మధ్య తేడా, అంటే రేంజ్, సగటున 6 మైక్రాన్లు. ముగ్గురి సగటుల్లో పెద్దదానికీ చిన్నదానికీ తేడా 12 మైక్రాన్లు. 10 జాబ్‌ల సగటుల్లో పెద్దదానికీ చిన్నదానికీ తేడా 45 మైక్రాన్లు.

```
EV  = 6 × 0.5908                    = 3.54
AV  = √((12 × 0.5231)² − 3.54²/30)  = 6.24
GRR = √(3.54² + 6.24²)              = 7.18
PV  = 45 × 0.3146                   = 14.16
TV  = √(7.18² + 14.16²)             = 15.87
%GRR = 100 × 7.18 / 15.87           = 45.2
ndc  = 1.41 × 14.16 / 7.18          = 2.8 → 2
```

`EV` అంటే రిపీటబిలిటీ, ఒకే చేతిలో ఒకే గేజ్‌తో వచ్చే తేడా. `AV` అంటే రీప్రొడ్యూసిబిలిటీ, మనిషి మారితే వచ్చే తేడా. `GRR` ఈ రెండూ కలిసిన తేడా. `PV` జాబ్‌కీ జాబ్‌కీ నిజంగా ఉన్న తేడా. `TV` అన్నీ కలిసిన మొత్తం తేడా. `ndc` అంటే ఈ గేజ్ జాబ్‌లని ఎన్ని వేర్వేరు గుంపులుగా గుర్తుపట్టగలదో చెప్పే అంకె. గుణించిన 0.5908 మూడు ట్రయల్స్‌కి, 0.5231 ముగ్గురు అప్రైజర్లకి, 0.3146 పది జాబ్‌లకి వాడే స్థిరాంకాలు, `AV`లోని 30 అంటే 10 జాబ్‌లు × 3 ట్రయల్స్. రెండే ట్రయల్స్ తీసుకుని 0.5908ని మార్చకుండా అలాగే ఉంచేస్తే లెక్కంతా తప్పుతుంది, పాత షీట్‌ని కాపీ చేసి వాడేవాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి.

ఇంకో విషయం దగ్గర చాలామంది ఆగిపోతారు. శాతాలు చూస్తే `EV` 22, `AV` 39, `PV` 89. కలిపితే 150! తప్పేం లేదు. ఇవి ప్రామాణిక విచలనాలు, వీటిని నేరుగా కూడకూడదు, వర్గాలు చేసి కూడాలి. వర్గాల్లో చూస్తే గేజ్, మనుషులు కలిపి సుమారు 20 శాతం, జాబ్‌లు 80 శాతం, మొత్తం 100 సరిగ్గా వస్తుంది. ఆడిట్‌లో ఎవరైనా "మీది 20 శాతమే కదా" అంటే ఏ శాతం గురించి మాట్లాడుతున్నారో ముందు అడగండి. 10 లోపు మంచిది, 30 దాటితే పనికిరాదు అనే హద్దులు 45 వచ్చిన ఆ మొదటి రకం శాతానికి.

లక్షణం: `AV` పెద్దది, `EV` దానికంటే బాగా చిన్నది

మన కేసు ఇదే. 6.24 ఎక్కడ, 3.54 ఎక్కడ. ఎవరికి వారు తమ రీడింగ్‌ని ఓ మాదిరిగా నిలబెట్టుకుంటున్నారు కానీ ఒకరితో ఒకరికి పొత్తు కుదరట్లేదు. ముగ్గురి సగటులు విడిగా రాసి చూడండి: ఏ 20.008, బి 20.007, సి 19.996. ఇక ఏ, బిల జోలికి వెళ్లక్కర్లేదు.

తర్వాత ఏ సగటులోంచి సి సగటుని జాబ్ వారీగా తీసేయండి. పదింటిలోనూ తేడా దాదాపు 12 చొప్పున ఒకేలా ఉంటే కారణం సి కొలిచే పద్ధతిలోనో, జీరోలోనో ఉంటుంది. రెండు మూడు జాబ్‌ల్లోనే పెద్ద తేడా ఉండి మిగతావాటిలో లేకపోతే కథ వేరు, ఆ జాబ్‌లని సి వేరే చోట కొలుస్తూ ఉండొచ్చు. ఇలా మనిషిని బట్టీ, జాబ్‌ని బట్టీ కలిసి మారే తేడాని ఈ రేంజ్ పద్ధతి విడదీసి చూపదు, దానికి అదే డేటాని అనోవా పద్ధతిలో వేయాలి.

ఇక్కడ తేడా ఒకేలా ఉంది, కాబట్టి సి పక్కన నిలబడి చూడాలి. అప్పుడు తెలిసిందేమిటంటే ఏ, బి రాచెట్ తిప్పి టిక్ టిక్ అన్నాక చదువుతున్నారు, సి మాత్రం థింబుల్ పట్టుకుని గట్టిగా బిగిస్తున్నాడు. రాచెట్ ఇచ్చే ఒత్తిడి సుమారు 5 నుంచి 10 న్యూటన్లే, చేత్తో బిగిస్తే దానికి చాలా రెట్లు పడుతుంది, ఫ్రేమ్ కొద్దిగా విచ్చుకుని రీడింగ్ తగ్గుతుంది. ఇందులో ఇంకో మెలిక ఉంది. సి తన జీరో కూడా అదే బిగింపుతో తనే పెట్టుకుంటే ఈ తేడా చాలావరకు కొట్టుకుపోయేది. ఇక్కడ జీరో రాచెట్‌తో ఏ పెట్టాడు, కొలిచింది సి, అందుకే 12 మైక్రాన్లు బయటపడ్డాయి. కాబట్టి "అతను విడిగా కొలిస్తే బాగానే వస్తోందే" అని ఎవరైనా అంటే నమ్మి వదిలేయకండి.

పరిష్కారం: జీరో పెట్టేటప్పుడూ కొలిచేటప్పుడూ రాచెట్టే వాడాలని, ఎన్ని టిక్‌లకి చదవాలో కూడా వర్క్ ఇన్‌స్ట్రక్షన్‌లో రాయాలి. "శిక్షణ ఇచ్చాం" అని ఒక్క మాటలో రాస్తే సరిపోదు.

లక్షణం: `EV` పెద్దది

ముగ్గురి సగటులూ కలుస్తున్నాయి, కానీ ఎవరు కొలిచినా మూడు రీడింగులూ మూడు రకాలు. ఇక్కడ అనుమానం గేజ్ మీదకి వెళ్లడం సహజమే. అయితే తేల్చుకోవడానికి ఓ పది నిమిషాల పని ఉంది. 20 మి.మీ. గేజ్ బ్లాక్‌ని ఒకే మనిషి పదిసార్లు కొలవాలి. అక్కడ కూడా రీడింగులు చెదురుతుంటే గేజ్‌దే సమస్య: ఆన్విల్ మీద చిప్ పొడి, నూనె, అరిగిన స్పిండిల్. బ్లాక్ మీద 1, 2 మైక్రాన్లలో నిలబడి షాఫ్ట్ మీద మాత్రం 6 వస్తుంటే గేజ్‌ని వదిలేసి షాఫ్ట్‌ని చూడండి.

షాఫ్ట్ పూర్తి గుండ్రంగా ఉండదు. ఒక చోట 20.003, దాన్ని 90 డిగ్రీలు తిప్పితే 20.008 ఉండొచ్చు. పొడవునా కాస్త టేపర్ కూడా ఉంటుంది. ప్రతిసారీ వేరే చోట కొలిస్తే ఆ తేడా అంతా షీట్‌లో `EV` ఖాతాలో పడుతుంది, గేజ్‌కి చెడ్డపేరు వస్తుంది. వేడి కూడా ఉంది: స్టీల్ 20 మి.మీ.కి 10 డిగ్రీలు పెరిగితే సుమారు 2.3 మైక్రాన్లు సాగుతుంది, కాబట్టి మెషిన్ మీదనుంచి అప్పుడే దించిన జాబ్‌లతో స్టడీ మొదలుపెట్టకండి.

పరిష్కారంగా అందరూ చేసేది జాబ్ మీద మార్కర్‌తో గుర్తు పెట్టి అక్కడే కొలవమనడం. స్టడీ వరకు అది సరైనదే. కానీ లైన్‌లో ఆపరేటర్‌కి ఆ గుర్తు ఉండదు, ఓవాలిటీ మాత్రం ఉంటుంది. గుర్తు పెట్టి స్టడీ పాస్ చేయించి ఊరుకుంటే సమస్యని దాచినట్టే అవుతుంది. కంట్రోల్ ప్లాన్‌లో రెండు దిశల్లో కొలిచి పెద్దదీ చిన్నదీ రెండూ రాయమని పెట్టండి, అప్పుడే ఆ గుర్తుకి అర్థం ఉంటుంది.

ఈ రెండూ సరిచేశాక మన కేసులో సగటు రేంజ్ 3కి, అప్రైజర్ల తేడా 2కి దిగింది అనుకోండి. `EV` 1.77, `AV` 0.99, `GRR` 2.03. శాతం 14.2, `ndc` 9. మైక్రోమీటర్ అదే.

లెక్క చేసేటప్పుడు ఒక్కోసారి `AV` రూట్ లోపల మైనస్ వస్తుంది. షీట్ చెడిపోలేదు, మనుషుల మధ్య తేడా రిపీటబిలిటీలో కలిసిపోయేంత చిన్నదని అర్థం, `AV` సున్నా అని వేసుకోండి.

లక్షణం: `EV`, `AV` రెండూ చిన్నవే, అయినా శాతం ఫెయిల్

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే ఇక్కడ మంచి గేజ్‌ని పక్కన పడేస్తారు. ఇప్పుడే సరిచేసిన సిస్టమ్‌నే తీసుకోండి, `GRR` 2.03. ఈసారి 10 జాబ్‌లని ఒకే మెషిన్ నుంచి వరసగా వచ్చినవి ఎత్తుకొచ్చారు. వాటి మధ్య తేడా 45 కాదు, 12 మైక్రాన్లే. `PV` 3.78కి పడిపోతుంది, `TV` 4.29 అవుతుంది, శాతం 47.4, `ndc` 2. గేజ్ మారలేదు, మనుషులు మారలేదు, జాబ్‌లు మాత్రమే మారాయి.

గుర్తుపట్టడం తేలిక. టాలరెన్స్‌తో పోల్చండి: 6 × 2.03 అంటే 12.2 మైక్రాన్లు, 100 మైక్రాన్ల టాలరెన్స్‌లో 12.2 శాతం. టాలరెన్స్ మీద 12, టోటల్ వేరియేషన్ మీద 47 వచ్చిందంటే ముందుగా జాబ్‌ల ఎంపికని అనుమానించాలి. ఎక్స్-బార్ చార్ట్ కూడా చూడండి. మామూలుగా కంట్రోల్ చార్ట్‌లో పాయింట్లు లిమిట్ల లోపల ఉండాలని కోరుకుంటాం, ఇక్కడ తిరగేసి చూడాలి: సగానికి పైగా పాయింట్లు లిమిట్ల బయట ఉంటేనే గేజ్‌కి జాబ్‌ల మధ్య తేడా తెలుస్తోందని. అన్నీ లోపలే ఉన్నాయంటే, గేజ్‌కి చూపు లేకపోవచ్చు, లేదా చూడడానికి అక్కడ తేడానే లేకపోవచ్చు.

పరిష్కారం: జాబ్‌లని వేర్వేరు షిఫ్టులు, వేర్వేరు రోజులు, టూల్ మార్చక ముందూ తర్వాతా అలా ఏరి తీసుకోవాలి. అలా దొరక్కపోతే పాత ప్రాసెస్ డేటాలోని సిగ్మాని `TV`గా వాడుకోవచ్చు. శాతం తగ్గించడానికి రిజెక్ట్ బిన్‌లోంచి 20.120 ఉన్న జాబ్‌ని తెచ్చి కలిపేవాళ్లూ ఉన్నారు. అది ప్రాసెస్‌లో మామూలుగా రాని కొలత, దాంతో `PV` ఉబ్బి ఎంత చెడ్డ గేజ్ అయినా పాసవుతుంది. దయచేసి ఆ పని చేయకండి.

14 శాతంతో ఏం చేయాలి

10కీ 30కీ మధ్య అంటే వాడే పనిని బట్టి ఒప్పుకోవచ్చని. ఏఐఏజీ ఎంఎస్ఏ మాన్యువల్ 4వ ఎడిషన్ (2010) కూడా ఈ హద్దుల్ని మాత్రమే పట్టుకుని నిర్ణయం తీసుకోవద్దనే చెబుతుంది. మన షాఫ్ట్‌కి ప్రాసెస్ కంట్రోల్ చార్ట్ వేయడానికి ఈ గేజ్ చాలు. కానీ ఇదే గేజ్‌తో మంచివీ చెడ్డవీ ఏరుతుంటే లిమిట్ దగ్గర జాగ్రత్త కావాలి: 2.03 సిగ్మాకి మూడు రెట్లు చూస్తే రెండు వైపులా 6 మైక్రాన్లు. నిజానికి 20.047 ఉన్న మంచి జాబ్ ఒకసారి 20.051 చూపించవచ్చు, 20.053 ఉన్న చెడ్డది 20.049 అనిపించుకుని పాసైపోవచ్చు. అందుకని రీడింగ్ 20.044 నుంచి 20.056 మధ్య వస్తే దాన్ని పక్కన పెట్టి, అదే మనిషి కాకుండా ఇంకొకరు మళ్లీ కొలవాలి. ఒకే మనిషి పదిసార్లు కొలిచి సగటు తీసినా తగ్గేది రిపీటబిలిటీ వాటా మాత్రమే, ఆ మనిషి కొలిచే తీరు వల్ల వచ్చే తేడా అలాగే ఉండిపోతుంది.